తప్పే, కానీ ఎందుకు?

తోడబుట్టిన జూలీ, మార్క్ కాలేజీ సెలవుల్లో ఫ్రాన్స్ వెళ్లారు. సముద్రపు ఒడ్డున చిన్న బసలో ఒక రాత్రి, ఇద్దరూ ఇష్టపడే శారీరకంగా కలిశారు. గర్భం రాకుండా ఇద్దరూ జాగ్రత్త పడ్డారు. ఇక ఎప్పుడూ వద్దనుకున్నారు. సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా ఒకరికొకరు మరింత దగ్గరయ్యారు. వాళ్లు చేసింది తప్పా?

ఇది జరిగిన కథ కాదు. ఎక్కడా హాని దొరక్కుండా మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ హైట్ కావాలనే అల్లిన కథ. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 30 మంది విద్యార్థులకు ఒక్కొక్కరికీ దీన్ని వినిపించి, ఒక పరిశోధకుడు ఎదురువాదన చేశాడు. చాలామంది వినగానే తప్పన్నారు. పుట్టే బిడ్డకు లోపాలు వస్తాయన్నారు. గర్భం వచ్చే అవకాశమే లేదు కదా అన్నాడతను. మనసులు దెబ్బతింటాయన్నారు. కథలో అలా జరగలేదు కదా అన్నాడు. చెప్పిన కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టుకుపోయాయి. తీర్పు మాత్రం కదల్లేదు. ‘ఎందుకో చెప్పలేను, కానీ తప్పే’ అనే దగ్గర చాలామంది ఆగిపోయారు. భార్య ప్రాణం కోసం మందు దొంగిలించిన భర్త కథ ఇచ్చినప్పుడు ఇదే విద్యార్థులు తడబడకుండా వాదించగలిగారు.

దీన్నిబట్టి హైట్ 2001లో ఒక సిద్ధాంతం చెప్పాడు. మంచిచెడ్డల తీర్పు ముందు మనసులో చటుక్కున పుడుతుంది. బుద్ధి ఆ తర్వాత వకీలులా వచ్చి, అప్పటికే తేలిన తీర్పుకు వాదన వెతుకుతుంది. ఈ మాట బాగా వ్యాపించింది. కానీ ఆ 30 మంది ప్రయోగం మాత్రం ఏ పరిశోధన పత్రికలోనూ సరిగ్గా అచ్చుకాలేదు!

2015లో ఎడ్వర్డ్ రాయ్జ్‌మన్ బృందం ఒక చిన్న ప్రశ్న వేసింది. ఎవరికీ హాని జరగలేదని కథ చెబుతోంది సరే, విన్నవాళ్లు అది నమ్మారా? చాలామంది నమ్మలేదని తేలింది. కథలో ఏం రాసినా, నిజజీవితంలో ఇలాంటిది చేటు చేయకుండా పోదని వాళ్ల లెక్క. అలాంటప్పుడు వాళ్లకు కారణం లేదనడం తప్పు. ఉన్న కారణాన్ని ఎదుటివాడు చెల్లదన్నాడు, అంతే. కథను పూర్తిగా నమ్మి, అయినా కారణం చెప్పలేక తప్పన్నవాళ్లు అతికొద్దిమందే మిగిలారు. ఆ తర్వాత చేసిన వేరే ప్రయోగాల్లో అలాంటివాళ్లు మళ్లీ కనిపించారు కాబట్టి వాదం ముగియలేదు. నాకు మాత్రం రాయ్జ్‌మన్ ప్రశ్న చాలా విలువైనదిగా తోస్తుంది. దానికి సాక్ష్యం మన పక్కనే, భువనేశ్వర్‌లో ఉంది.

అక్కడ రిచర్డ్ ష్వెడర్, మన్మోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ చేసిన అధ్యయనం 1987లో వచ్చింది. 39 సందర్భాలు చెప్పి ఏది ఎంత తప్పో అడిగారు. తండ్రి పోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తినడం అన్నిటికన్నా ఘోరమని బ్రాహ్మణ కుటుంబాలవాళ్లు తేల్చారు. అమెరికా వాళ్లకు ఇందులో తప్పే కనిపించలేదు. మైల పట్టే ఇళ్లలో పెరిగిన తెలుగువాళ్లకు మాత్రం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. చనిపోయిన తండ్రి ఆత్మకు గతి కలగాలంటే కొడుకు నియమం పాటించాలని నమ్మేవాడికి, అందులో హాని జరుగుతున్నది సాక్షాత్తూ తండ్రికే. ఆ నమ్మకం లేనివాడికి అది ఉత్త అసహ్యంలాగో ఆచారంలాగో కనిపిస్తుంది. కాబట్టి ఎదుటివాడిది భావావేశమని కొట్టిపారేసే ముందు, అతని లెక్కలో ఎవరికి దెబ్బ తగులుతోందో అడగాలి.

అలాగని హైట్ మాట పూర్తిగా వీగిపోలేదు. 2005లో తాలియా వీట్లీతో కలిసి చేసిన ప్రయోగంలో, సులువుగా హిప్నాసిస్‌కు లోనయ్యే విద్యార్థులను ఎంచుకున్నారు. ఒక మామూలు మాట చదవగానే కడుపులో వికారం కలగాలని, ఆ ఆదేశం ఇచ్చినట్టు గుర్తుండకూడదని చెప్పారు. తర్వాత డాన్ అనే విద్యార్థి ప్రతినిధి కథ ఇచ్చారు. అధ్యాపకులకూ విద్యార్థులకూ నచ్చే అంశాలు ఎంచి చర్చలు పెట్టించడం అతని పని. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? అయినా కథలో ఆ మాట తగిలినవాళ్లలో కొందరు డాన్‌ను తప్పుపట్టారు. ఏదో మతలబు ఉన్నట్టుందని ఒకరు రాశారు. ఇక్కడ దాగి ఉన్న నమ్మకమేదీ లేదు. వికారం ముందు వచ్చింది, అనుమానం దాని వెనకాల వచ్చింది.

అయితే అలా ఎంతమేరకు జరుగుతుంది? దుర్వాసనలతో, మురికి బల్లలతో వికారం పుట్టించి తీర్పులు కొలిచిన ప్రయోగాలన్నిటినీ 2015లో జస్టిన్ లాండీ, జెఫ్రీ గుడ్విన్ కలిపి లెక్కించారు. ప్రభావం చాలా చిన్నదని తేలింది. ఫలితం రాక అచ్చుకాకుండా ఉండిపోయే ప్రయోగాలను కూడా దృష్టిలో పెట్టుకుని సవరిస్తే, ఆ కాస్తా దాదాపు మాయమైంది.