లేబుల్ మీద క్యూఆర్ కోడ్: స్కాన్ చేస్తే ఏం కనిపిస్తుంది?

గుంటూరులో ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. సీసాల మీద అంటించే లేబుల్‌పై తన వాట్సాప్ క్యూఆర్ కోడ్ వేయించాలనుకున్నారు. నంబరు అచ్చు వేయిస్తే ఎవరెవరో ఫోన్లు చేస్తారు, కోడ్ అయితే నంబరు బయటపడదు కదా అని ఆవిడ ధీమా. చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ అది నిజం కాదు.

వాట్సాప్ సెట్టింగ్స్ తెరిస్తే మీ పేరు దగ్గర చిన్న క్యూఆర్ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే మీ కోడ్ వస్తుంది. ఆ గళ్లలో మీ ఫొటో గానీ, పేరు గానీ ఉండవు. ఫోన్‌లోని మామూలు కెమెరాను దాని మీద పెట్టి చూడండి. https://wa.me/qr/ అని మొదలై, చివర అర్థంపర్థం లేని అక్షరాలున్న ఒక లింకు కనిపిస్తుంది. కోడ్‌లో ఉన్నది అంతే. ఆ అక్షరాలు ఏ ఖాతాకు చెందినవో వాట్సాప్ సర్వర్‌కు తెలుసు. ఎవరైనా స్కాన్ చేయగానే సర్వర్ ఆ ఖాతా వివరాలు వెతికి వారి ఫోన్‌కు పంపుతుంది. అందుకే లేబుళ్లు అచ్చయ్యాక ఆవిడ తన పేరు మార్చుకున్నా, స్కాన్ చేసేవాళ్లకు కొత్త పేరే కనిపిస్తుంది.

అలా వచ్చే వివరాల్లో ఫోన్ నంబరూ ఉంటుంది. సీసా కొన్న మనిషి స్కాన్ చేయగానే పేరు, నంబరు, కాంటాక్టుగా దాచుకునే అవకాశం అన్నీ తెరమీదకు వస్తాయి. ఎవరు స్కాన్ చేశారో ఆవిడకు మాత్రం తెలియదు. అవతలివాళ్లు మెసేజ్ పెడితేనో, ఫోన్ చేస్తేనో తెలియాలి.

ఫొటో, లాస్ట్ సీన్, అబౌట్‌ల సంగతి వేరు. వాటిని ప్రైవసీ సెట్టింగ్స్ నిర్ణయిస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫొటోకు ‘మై కాంటాక్ట్స్’ అని పెట్టుకుంటే, నా నంబరు దాచుకున్నవాళ్లందరికీ ఫొటో కనిపిస్తుందనుకుంటారు. నిజానికి లెక్కలోకి వచ్చేది మీ ఫోన్‌లో మీరు దాచుకున్న నంబర్లు. కొన్నవాళ్లు ఆవిడ నంబరు ఎంత భద్రంగా దాచుకున్నా ఫొటో కనపడదు. రేపు డెలివరీ కోసం వాళ్ల నంబరును ఆవిడే సేవ్ చేసుకుంటే ఆ రోజు నుంచి కనిపిస్తుంది. పిల్లలతో దిగిన ఫొటో పెట్టుకున్న ఇల్లాలికి ఇది చిన్న విషయమేమీ కాదు.

కోడ్ వల్ల ఇబ్బంది వస్తే రీసెట్ చేసుకోవచ్చు. రీసెట్ చేయగానే పాత లింకు పనిచేయడం మానేస్తుంది, కొత్తది పుడుతుంది. అయితే అప్పటికే అమ్మిన సీసాల మీది కోడ్‌లన్నీ ఒక్కసారిగా చచ్చిపోతాయి. పైగా ముందే స్కాన్ చేసి నంబరు దాచుకున్నవాళ్ల దగ్గర ఆ నంబరు అలాగే ఉంటుంది. వాళ్లను ఆపాలంటే ఒక్కొక్కరినీ బ్లాక్ చేయాల్సిందే.

ఇంకో రకం లింకు కూడా వాడుకలో ఉంది. wa.me/ తర్వాత దేశం కోడ్ 91, దాని వెంటనే పదంకెల నంబరు, మధ్యలో ప్లస్ గుర్తు గానీ ఖాళీ గానీ లేకుండా రాస్తారు. దీన్ని ఎవరైనా సొంతంగా తయారు చేసుకోవచ్చు. నొక్కగానే చాట్ తెరుచుకుంటుంది. కాకపోతే నంబరు లింకులోనే కంటికి కనిపిస్తూ ఉంటుంది, దీనికి రీసెట్ అన్నదే లేదు. నంబరు మారేదాకా లింకు అదే.

నంబరు తెలియకుండా ఉండటమే ముఖ్యమైతే వేరే యాప్ చూసుకోవాలి. సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకోవచ్చు. దాని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి పలకరించినవాళ్లకు, మనం సెట్టింగ్ మార్చుకుంటే తప్ప, ఫోన్ నంబరు కనిపించదు. కానీ ఆవకాయ కొనేవాళ్లందరి ఫోన్లలో సిగ్నల్ ఉండదు కదా! అమ్మకాలకు వాట్సాప్ తప్పదు. అలాంటప్పుడు ఇంటి నంబరు కాకుండా విడిగా ఒక సిమ్ తీసుకుని, దాని మీద వాట్సాప్ బిజినెస్ ఖాతా తెరిచి, ఆ కోడ్‌ను లేబుల్‌పై వేయించడమే మేలని నా అభిప్రాయం. బిజినెస్ ఖాతాలో రాసిన చిరునామా, పనివేళలు ఎవరికైనా కనిపిస్తాయి కాబట్టి ఇంటి డోర్ నంబరు అందులో రాయకుండా ఉంటే చాలు.

‘లింక్డ్ డివైసెస్’లో వాడే క్యూఆర్ కోడ్ మాత్రం దీనికి పూర్తిగా వేరు. అది స్కాన్ చేస్తే మీ ఖాతా మొత్తం ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది. ఆర్డర్ ఖరారు చేయడానికంటూ ఎవరైనా ఒక కోడ్ పంపి, లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి స్కాన్ చేయమంటే అది మోసమే. పరిచయానికి ఆ మెనూతో పనిలేదు.

లేబుళ్లు అచ్చుకు ఇచ్చే ముందు, మీ కాంటాక్టుల్లో లేని ఒక నంబరున్న ఫోన్‌తో ఆ కోడ్ స్కాన్ చేయించి చూడండి. ఇంట్లోవాళ్ల ఫోన్ పనికిరాదు, వాళ్ల నంబర్లు మీ దగ్గర ఉంటాయి కాబట్టి ఫొటో ఎలాగూ కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుకు ఏం కనిపిస్తుందో తెలియాలంటే ఇదొక్కటే దారి.