నాలుగు కిలోల పెట్రోలు, యాభై ఏడు కిలోల బ్యాటరీ

హోండా యాక్టివా ట్యాంకులో 5.3 లీటర్ల పెట్రోలు పడుతుంది. దాని బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువే. లీటరుకు 45 కిలోమీటర్లు లెక్కేసినా ఆ కాస్త ద్రవంతో బండి దాదాపు 240 కిలోమీటర్లు పోతుంది. 2022 నాటి ఏథర్ 450ఎక్స్ స్కూటర్ 3.7 యూనిట్ల బ్యాటరీతో ఊళ్లో నూటఅయిదు కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. బ్యాటరీ కిలోకు 150 వాట్-అవర్ల చొప్పున చూసుకుంటే ఆ 3.7 యూనిట్లకు 25 కిలోల బరువు మోయాలి.

కరెంటు బిల్లులో కనిపించే యూనిట్‌నే కొలతగా పెట్టుకుంటే పోలిక తేలిక. కిలో పెట్రోలును మండిస్తే సుమారు 12 యూనిట్ల శక్తి వెలువడుతుంది. కేసింగు, వైర్లతో సహా కిలో లిథియం బ్యాటరీలో నిలిచేది 0.15 యూనిట్. అంటే పెట్రోలుది ఎనభై రెట్లు పైచేయి.

ఇంత తేడాకు మొదటి కారణం గాలి. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. దాన్ని బండి మోయనక్కర్లేదు, ఇంజను దారి పొడవునా పీల్చుకుంటుంది. మండగా మిగిలిన వాయువులు సైలెన్సర్ గుండా బయటికి పోతాయి. పెట్రోలుది చేతులూపుకుంటూ సాగే ప్రయాణం, బ్యాటరీది మూటాముల్లె సర్దుకుని బయలుదేరే ప్రయాణం. రసాయన చర్యకు కావలసిన రెండు పక్షాలూ బ్యాటరీ లోపలే ఉండాలి. చార్జింగ్ అయిపోయినా దాని బరువు తగ్గదు.

రెండో కారణం, ఆ మూటలో పనిచేసే సరుకు తక్కువ. బ్యాటరీలో అటూ ఇటూ తిరిగే అసలు పనివాడు లిథియం. రుణ ధ్రువంలోని గ్రాఫైట్‌లో ఒక్క లిథియం పరమాణువుకు చోటివ్వడానికి ఆరు కార్బన్ పరమాణువులు కావాలి. అంటే ఏడు గ్రాముల లిథియానికి 72 గ్రాముల కార్బన్. ధన ధ్రువంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వాడితే ఆ పదార్థం కిలోలో లిథియం 44 గ్రాములే. వీటికి రాగి, అల్యూమినియం రేకులు, ఎలక్ట్రోలైట్, బయటి పెట్టె తోడవుతాయి.

మరి ఎనభై రెట్లు వెనుకబడిన బ్యాటరీతో స్కూటర్ ఎలా నడుస్తోంది? జవాబు పెట్రోలు ఇంజనులో ఉంది. ట్యాంకులోని 47 యూనిట్లతో యాక్టివా 240 కిలోమీటర్లు పోయిందంటే, యూనిట్‌కు ఐదు కిలోమీటర్లే. ఎలక్ట్రిక్ బండి యూనిట్‌కు 28 కిలోమీటర్లు పోతోంది. ఊరి ట్రాఫిక్‌లో చిన్న ఇంజను పెట్రోలు శక్తిలో ఐదో వంతు కూడా చక్రానికి చేర్చలేదు. మిగతాది ఇంజను ఒంట్లో వేడిగా, సైలెన్సర్‌లో పొగగా పోతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగినా, ఆపకపోతే ఇంజను తాగుతూనే ఉంటుంది. మోటారుకు వేడిని కదలికగా మార్చే పనే లేదు. బ్యాటరీ ఇచ్చిన దాంట్లో ఎనభై శాతానికి పైగా చక్రానికి చేరుస్తుంది. ఆగినప్పుడు దాదాపు ఏమీ వాడదు. వేగం తగ్గించేటప్పుడు జనరేటర్‌గా మారి కొంత శక్తిని వెనక్కి కూడా నింపుతుంది.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. యాక్టివా వెళ్లిన 240 కిలోమీటర్లూ వెళ్లడానికి మోటారుకు ఎనిమిదిన్నర యూనిట్లు చాలు. అందుకు కావలసిన బ్యాటరీ బరువు 57 కిలోలు. నాలుగు కిలోల పెట్రోలుకు 57 కిలోల బ్యాటరీ అంటే తేడా పద్నాలుగు రెట్లు. ఎనభై నుంచి పద్నాలుగుకు దిగినా, తేడా చెరిగిపోలేదు. అందుకే తయారీదారులు 240 కిలోమీటర్ల జోలికి పోకుండా నూటఅయిదు దగ్గర ఆగారు. ఇంజను, సైలెన్సర్ ఉండవు కాబట్టి ఆ బరువులో కొంత బ్యాటరీకి కలిసొస్తుంది. దాంతో రెండు బండ్ల మొత్తం బరువుల్లో తేడా కొద్ది కిలోలకే పరిమితమైంది.

అయితే ఈ లెక్కకు హద్దులున్నాయి. చార్జర్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది, కాబట్టి 3.7 యూనిట్లు నింపడానికి ఇంటి మీటరు నాలుగు దాటుతుంది. బ్యాటరీ పాతబడేకొద్దీ రేంజి తగ్గుతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. బొగ్గుతో కరెంటు తయారుచేసే చోట జరిగే నష్టం ఈ లెక్కలోకి రాలేదు.

ఇంజను ఎంత అసమర్థమైతే మోటారుకు అంత లాభం. విమానాల్లో ఈ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే పెద్ద జెట్ ఇంజన్లు ఇంధన శక్తిలో దాదాపు నలభై శాతాన్ని పనిలో పెట్టగలవు. అక్కడ మోటారు తేడాను సగానికి మించి తగ్గించలేదు. 2020లో యూరప్‌లో ధ్రువీకరణ పొందిన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో ఇద్దరిని మోసుకుని ఎగరగలిగేది సుమారు యాభై నిమిషాలే. రోజూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగి రాత్రికి ఇల్లు చేరే స్కూటర్‌కు ఆ పద్నాలుగు రెట్ల లోటు అడ్డు రాదు. వందల మందితో సముద్రాలు దాటాల్సిన విమానానికి మాత్రం నేటి బ్యాటరీలు చాలవు.