ఫిట్‌నెస్ కాగితం వెనక

"మోకాలు మార్చాలంటే ముందు గుండె డాక్టర్ దగ్గరికెళ్లి ఫిట్‌నెస్ తెచ్చుకోండి" అని సర్జన్ చెప్పగానే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. ఈసీజీ తీయిస్తారు, టూడీ ఎకో తీయిస్తారు. ఎవరో తెలిసినాయన చెప్పాడని టీఎంటీ కూడా చేయిస్తే పోలా అనుకుంటారు. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తే ఆపరేషన్‌కి అడ్డేమీ లేనట్టే అని అందరి నమ్మకం. కానీ కార్డియాలజిస్ట్ మొదట అడిగేది రిపోర్టుల గురించి కాదు. స్టెంట్ ఎప్పుడు వేశారు, ఎందుకు వేశారు, ఏయే మాత్రలు వాడుతున్నారు అని అడుగుతాడు. ఒక్కోసారి ఆ మూడు జవాబులతోనే సగం విషయం తేలిపోతుంది.

ఒక పెద్దాయన్ని ఊహించుకుందాం. వయసు 64, ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యాడు. అయిదు నెలల కిందట గుండెపోటు వస్తే మందు పూత ఉన్న స్టెంట్ ఒకటి వేశారు. షుగర్ ఉంది కానీ ఇన్సులిన్ దాకా పోలేదు. క్రియాటినిన్ 1.3. రెండు మోకాళ్లూ అరిగిపోయి బజారు దాకా నడవడమే కష్టంగా ఉంది. ఎకోలో గుండె పంపింగ్ 55 శాతం అని రాశారు, అంటే బాగున్నట్టే. "పంపింగ్ బాగుందిగా డాక్టర్‌గారూ, వచ్చే నెలలో ఆపరేషన్ పెట్టించుకుంటాం" అని కొడుకు అంటే, "ఇంకో ఏడు నెలలు ఆగండి బాబూ" అన్నాడు కార్డియాలజిస్ట్.

కొడుక్కి కోపం రావడంలో తప్పు లేదు. రిపోర్టు బాగుంటే ఎందుకు ఆగాలి? ఎందుకంటే ఎకో చూపించేది గుండె కండరం పని. స్టెంట్ లోపల ఏం జరుగుతోందో అది చూపించదు. స్టెంట్ అంటే రక్తనాళంలో కూర్చోబెట్టిన లోహపు జాలీ. కొన్ని నెలల్లో దాని మీద నాళపు లోపలి పొర పెరిగి కప్పేస్తుంది. అప్పటిదాకా రక్తానికి అది పరాయి వస్తువే, దాని మీద గడ్డ కట్టాలని చూస్తూనే ఉంటుంది. అందుకే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటి రెండో మాత్ర కూడా ఇస్తారు. పైగా గుండెపోటు వచ్చినవాళ్లలో మిగతా నాళాల్లోని పూడికలు కూడా కొంతకాలం కుదురుగా ఉండవు. ఇక ఆపరేషన్ సంగతి చూడండి. ఎముక కోసినా కండ కోసినా రక్తస్రావం ఆపుకోవడానికి శరీరం రక్తాన్ని త్వరగా గడ్డకట్టే స్థితిలోకి తెస్తుంది. ఆ స్థితి కొన్ని రోజులు ఉంటుంది. సరిగ్గా అప్పుడే, రక్తం ఎక్కువ పోతుందనీ, వెన్నులో మత్తు సూది ఇవ్వడం కుదరదనీ ఆ రెండో మాత్ర ఆపేయాల్సి వస్తుంది. ఈ రెండూ కలిస్తే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. అది మామూలు గుండెపోటు కంటే ప్రమాదం.

గుండెపోటుకి స్టెంట్ వేశాక, ఆగగలిగిన ఆపరేషన్ ఏదైనా 12 నెలలు ఆగమనేది అందుకే. గుండెపోటు రాకుండా, నడిస్తే వచ్చే నొప్పి కోసం వేయించుకున్న మందు స్టెంట్ అయితే 6 నెలలు చాలు. మోకాలు మార్పిడి ఆగుతుంది, ఎంత బాధ పెట్టినా. అదే పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ అయితే ఆగదు. అలాంటప్పుడు మూడు నెలలు దాటాక, ఆగితే ఎంత నష్టం, చేస్తే ఎంత నష్టం అని సర్జన్, కార్డియాలజిస్ట్, మత్తు డాక్టర్ కలిసి లెక్క వేసుకుంటారు. పేగు పగిలి పొట్టలో చీము పట్టిందంటే ఏ పరీక్షకీ ఆగరు, తిన్నగా థియేటర్‌కే.

మన పెద్దాయన గొణుక్కుంటూనే ఆగాడు. 13వ నెలలో మళ్లీ వచ్చాడు. టికాగ్రెలార్‌ను అప్పటికే కార్డియాలజిస్ట్ ఆపేశాడు, ఆస్పిరిన్ మిగిలింది. ఇప్పుడు ముప్పు ఎంతో అంచనా వేయాలి. ప్రపంచమంతా దీనికి ఎక్కువగా వాడే పట్టికను 1999లో థామస్ లీ బృందం తయారుచేసింది. అందులో ఉన్నవి ఆరే అంశాలు. ఆపరేషన్ పొట్టలోనిదో, ఛాతీలోనిదో, గజ్జలకి పైనున్న పెద్ద రక్తనాళాలదో అయితే ఒక పాయింట్. గుండెకి రక్తం తగ్గే జబ్బు ఉంటే ఒకటి. హార్ట్ ఫెయిల్యూర్, పక్షవాతం, ఇన్సులిన్ వాడే షుగర్, 2 దాటిన క్రియాటినిన్, వీటికి ఒక్కొక్కటి. ఎక్కువ పాయింట్లు అంటే ఎక్కువ ముప్పు. ఈ లెక్కలో పెద్దాయనకి వచ్చింది ఒక్కటే. చూశారుగా, ఈ ఆరింటిలో ఎకో లేదు, టీఎంటీ లేదు. అయిదు రోగి చరిత్ర చెబితే తెలుస్తాయి, ఆరోదానికి చవకైన రక్తపరీక్ష చాలు.

పాయింట్ల తర్వాత అడిగేది మెట్ల ప్రశ్న. "ఆగకుండా రెండంతస్తులు ఎక్కగలరా?" ఎక్కగలిగితే చాలావరకు ఆపరేషన్ ఒత్తిడిని గుండె తట్టుకుంటుందని లెక్క. పెద్దాయన విషయంలో ఈ ప్రశ్న పనికిరాదు. ఆయన మెట్లు ఎక్కలేకపోవడానికి మోకాళ్లు కారణమా గుండె కారణమా ఎవరు చెప్పగలరు? మోకాళ్ల రోగులందరితోనూ ఇదే తంటా. మనిషిని చూసి "గట్టిగానే ఉన్నాడు" అని డాక్టర్లు వేసే అంచనా కూడా నమ్మదగ్గది కాదని 2018లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం తేల్చింది. దాని కంటే రోజువారీ పనుల గురించి వరసగా ప్రశ్నలడిగి మార్కులు వేయడం మెరుగు. ఇల్లు ఊడుస్తారా, బరువులు మోస్తారా, సైకిల్ తొక్కుతారా అని. అదీ తేలకపోతే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష ఉంది. గుండె మీద ఒత్తిడి పడుతుంటే ఈ పదార్థం పెరుగుతుంది. 300 కంటే తక్కువ ఉంటే ధైర్యం. పెద్దాయనకి 140 వచ్చింది. అక్కడితో పరీక్షలు ఆగిపోయాయి.

"అంత అనుమానం ఎందుకు, ఒకసారి యాంజియో చేసి, అడ్డులుంటే స్టెంట్ వేసేసి ఆపరేషన్‌కి పంపొచ్చుగా?" అని చాలామంది అడుగుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి చూశారు. పెద్ద రక్తనాళాల ఆపరేషన్ కావాల్సిన, గుండె నాళాల్లో అడ్డులున్న 510 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ముందుగా స్టెంటో బైపాసో చేశారు, రెండో గుంపుని మందులతోనే పంపారు. 2004లో ఫలితం వచ్చింది. రెండున్నరేళ్లు దాటాక చూస్తే చనిపోయినవాళ్లు ఒక గుంపులో 22 శాతం, రెండో గుంపులో 23 శాతం. తేడా లేనట్టే. ఇక కొత్త స్టెంట్ వేసుకుంటే రెండు మాత్రల గడువు మళ్లీ మొదలై అసలు ఆపరేషన్ ఆరు నెలలు వెనక్కి పోతుంది.

అంటే పరీక్షలు అసలు వద్దని కాదు. కొత్తగా ఆయాసం మొదలైతే, కాళ్లు వాస్తే, డాక్టర్‌కి గుండెలో మర్మర్ వినిపిస్తే ఎకో తీయాల్సిందే. కవాటం బాగా బిగుసుకుపోయిన మనిషికి మామూలు మోతాదు మత్తు కూడా బీపీని ప్రమాదకరంగా పడేస్తుంది. విశ్రాంతిగా ఉన్నా గుండెనొప్పి వస్తుంటే ఆపరేషన్ పక్కనపెట్టి ముందు ఆ సంగతి చూస్తారు. అదే కంటి శుక్లం ఆపరేషన్ అయితే, లక్షణాలేమీ లేనివాళ్లకి ఏ గుండె పరీక్షా అక్కర్లేదు. 2000లో 18 వేలమందికి పైగా రోగుల మీద జరిపిన అధ్యయనంలో, ముందు పరీక్షలు చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ ఇబ్బందులు ఒకేలా వచ్చాయి. అయినా శుక్లానికి ఎకో రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎందుకు రాస్తారని నన్నడిగితే, రోగి కోసం కంటే కాగితం కోసమే ఎక్కువ అంటాను.

నా దృష్టిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మాత్రల దగ్గర. "ఆపరేషన్ కదా, రక్తం పల్చబడే మాత్రలు ఆపేయండి" అని ఎవరో అంటే, ఏది ఏ మాత్రో తెలియక డబ్బా మొత్తం పక్కన పెట్టేసేవాళ్లుంటారు. పెద్దాయన ఆపరేషన్ సోమవారం ఉదయం అనుకుందాం.

డాపాగ్లిఫ్లోజిన్ ఆఖరి మాత్ర గురువారం. శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు ఉండకూడదు. షుగర్‌కీ గుండెకీ ఇచ్చే ఈ మందు ఒంట్లో ఉండగా పస్తుంటే రక్తంలో ఆమ్లం పేరుకుపోవచ్చు. వాంతులు అవుతాయి, ఊపిరి వేగంగా, లోతుగా ఆడుతుంది. షుగర్ చూస్తే పెద్దగా పెరిగి ఉండదు కాబట్టి అసలు కారణం తట్టదు. కీటోన్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

టెల్మిసార్టాన్ ఆదివారం పొద్దున వేసుకుంటాడు, సోమవారం వేసుకోడు. మత్తులో బీపీ మరీ పడిపోకుండా ఈ జాగ్రత్త. హార్ట్ ఫెయిల్యూర్ కోసం వాడేవాళ్లకి మాత్రం కొనసాగించమనే చెప్పొచ్చు. అటోర్వాస్టాటిన్ ఆదివారం రాత్రి మామూలే. స్టెంట్ ఉంది కాబట్టి ఆస్పిరిన్ 75 ఆపరు, దానితో వెన్నులో మత్తు కూడా ఇవ్వొచ్చు. స్టెంట్ లేనివాళ్లకి లెక్క వేరు. కేవలం ముందుజాగ్రత్తకి ఆస్పిరిన్ వాడుతుంటే, ఆపరేషన్ సమయంలో దానివల్ల గుండెపోట్లు తగ్గలేదనీ రక్తస్రావం మాత్రం పెరిగిందనీ పదివేలమంది మీద జరిగిన పరిశీలన 2014లో చూపించింది. అందుకని అలాంటివాళ్లకి సాధారణంగా ఆపుతారు.

మెటోప్రొలాల్ సోమవారం తెల్లవారుజామున గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. "ఏమీ తాగొద్దన్నారు" అని మానేస్తే నాడి ఒక్కసారిగా పరిగెడుతుంది, గుండెకి రక్తం చాలదు. అలాగని ఎప్పుడూ వాడనివాళ్లకి ఆపరేషన్ రోజు కొత్తగా మొదలెట్టడం కూడా తప్పే. 2008లో 8,351 మంది మీద అదే చేసి చూస్తే గుండెపోట్లు తగ్గాయి కానీ పక్షవాతాలూ చావులూ పెరిగాయి. బీపీ మరీ పడిపోవడం అందుకు ముఖ్య కారణం.

లోహపు కవాటం ఉండి అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడేవాళ్లు పెద్దాయన క్యాలెండర్‌ని అనుకరించకూడదు. వార్ఫరిన్ మామూలుగా అయిదు రోజుల ముందు ఆపుతారు, అసిట్రోమ్ అంతకంటే తక్కువ రోజుల్లో దిగిపోతుంది. కవాటం ఏ స్థానంలో ఉందన్నదాన్ని బట్టి మధ్యలో హెపారిన్ ఇంజెక్షన్లు ఇవ్వాలా వద్దా అన్నది తేలుతుంది. ఆ తేదీలు కార్డియాలజిస్ట్ చేత కాగితం మీద రాయించుకోవాలి.

ఆపరేషన్ బాగా జరిగిందని అందరూ కాఫీలు తాగుతున్న రెండు రోజులే అసలు గండం. ఈ సమయంలో వచ్చే గుండెపోట్లు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. సగానికి పైగా నొప్పి లేకుండానే వస్తాయి, ఎందుకంటే రోగి నొప్పి మందుల మీద ఉంటాడు. అందుకే ముప్పు ఉన్నవాళ్లకి మొదటి రోజు, రెండో రోజు ట్రోపోనిన్ పరీక్ష చేసి చూడొచ్చు. పెద్దాయనకి రెండుసార్లూ మామూలుగానే వచ్చింది. రెండో రోజు బీపీ 138 ఉంటే టెల్మిసార్టాన్ మళ్లీ మొదలెట్టారు. సరిగ్గా తినడం మొదలయ్యాక డాపాగ్లిఫ్లోజిన్ ఇచ్చారు. డిశ్చార్జ్ కాగితంలో యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, గ్యాస్ మాత్ర, కాళ్లలో గడ్డకట్టకుండా ఇచ్చే మందు రాసి ఉన్నాయి. అటోర్వాస్టాటిన్ లేదు. కోడలు పాత చీటీ పక్కన పెట్టి చూసి, నర్సుని అడిగి రాయించింది.