రాక్షసమంత్రి ఒంటిమీది నగలు

రాజుల కథ రాసేవాళ్లు కుట్ర అనగానే విషం కలిపిన పాత్ర, అర్ధరాత్రి మంతనాలు, తెర చాటు మనిషి అంటూ మొదలుపెడతారు. చదివేవాళ్లకు అవి నమ్మబుద్ధి కావు. కొలువులో అసలు పని పట్టపగలు, నలుగురి ఎదుట, మర్యాదగా సాగిపోతుంది. ఆ విద్య నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను ముందుగా చూపించేది విశాఖదత్తుడి సంస్కృత నాటకం ‘ముద్రారాక్షసం’. అందులో చాణక్యుడికి కావలసింది శత్రువు తల కాదు. నందుల మంత్రి రాక్షసుడు స్వయంగా వచ్చి చంద్రగుప్తుడికి మంత్రి కావాలి. ఆ సంగతి రాక్షసుడికి చివరిదాకా తెలియదు.

ఆ నాటకంలో నగలు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్తాయో గమనించండి. ఏలిక పోయిన దుఃఖంలో రాక్షసుడు అలంకారం మానేశాడు. అతను ఆశ్రయించిన మలయకేతు తన ఒంటిమీది నగలు తీసి, పెట్టుకోమని పంపుతాడు. కాదంటే కుమారుణ్ణి అవమానించినట్టు, పెట్టుకుంటే అతని మనిషినని ఒప్పుకున్నట్టు. రాక్షసుడు పెట్టుకుంటాడు. అంతలో సిద్ధార్థకుడు అనేవాడు రాక్షసుడి మిత్రుడు శకటదాసును వధ్యస్థానం నుంచి తప్పించి తీసుకొస్తాడు. రాక్షసుడు ఆనందం పట్టలేక ఆ నగలన్నీ అతనికిచ్చేస్తాడు. సిద్ధార్థకుడు చాణక్యుడి మనిషి. అదే సమయంలో ఎవరో మూడు నగలు అమ్మకానికి తెస్తే రాక్షసుడు కొనిపిస్తాడు. అవి మలయకేతు తండ్రి, చనిపోయిన పర్వతకుడివి. వాటిని ఆ దారి పట్టించింది చాణక్యుడే.

అయిదో అంకంలో లెక్క తేలుతుంది. ముద్ర లేకుండా శిబిరం దాటబోయిన సిద్ధార్థకుణ్ణి పట్టుకుంటారు. అతని దగ్గర పేర్లేవీ లేని ఉత్తరం, నగల పెట్టె దొరుకుతాయి. ఉత్తరం మీది ముద్ర రాక్షసుడిది, చేతిరాత శకటదాసుది. పెట్టెలో ఉన్నవి మలయకేతు ఇచ్చిన నగలు. మీరు పంపిన మూడు నగలు అందాయని కూడా ఆ ఉత్తరంలో ఉంది. మలయకేతు రాక్షసుణ్ణి పిలిపిస్తాడు. కుమారుడు నగలు పెట్టుకోమన్నాక బోసిగా వెళ్తే బాగుండదని రాక్షసుడు కొన్న మూడింటిలో ఒకటి పెట్టుకుని వస్తాడు. మర్యాద కోసం చేసిన ఆ పనే అతని మీద సాక్ష్యమవుతుంది.

ఇక్కడ మోసం ఒక్కటే, మిగతావన్నీ నిజాలు. ముద్ర అసలుదే. అది చందనదాసు ఇంట్లో రాక్షసుడి భార్య వేలి నుంచి జారి గూఢచారికి దొరికింది. ఎందుకు రాస్తున్నాడో తెలియకపోయినా చేతిరాత శకటదాసుదే. నగలూ అసలువే. అబద్ధమల్లా వాటిని ఒకచోట చేర్చిన తీరు. అందుకే రాక్షసుడు ఎదురు చెప్పలేకపోతాడు. అతను తెలివితక్కువవాడని ఎవరూ అనరు. కృతజ్ఞత, దాతృత్వం, మర్యాద, ఈ మూడు మంచి గుణాలే అతన్ని పట్టిస్తాయి. మీ కథలో మోసపోయేవాడు మోసపోవడానికి మూర్ఖుడు కావలసి వస్తే కుట్ర ఇంకా అల్లుకోలేదన్నమాట.

విశాఖదత్తుడు చేసిన మరో పని నాకు చాలా ఇష్టం. మొదటి అంకంలో చాణక్యుడు సిద్ధార్థకుడికి పని చెవిలో చెప్తాడు. ఉత్తరంలో ఏముందో మనకు వినబడదు. చాణక్యుడు ఏదో పన్నుతున్నాడని తెలుసు, ఏది ఎక్కడ తగులుతుందో తెలియదు. రచయితలు సాధారణంగా జారేది ఇక్కడే. కుట్రదారు తన నమ్మినబంటును కూర్చోబెట్టి పథకమంతా విప్పి చెప్పేస్తాడు.

ఇప్పుడు పొగడ్త సంగతి. ఒక కల్పిత కొలువు తీసుకుందాం. మహామంత్రికి కోశం తాళాలు కావాలి, సేనాపతి అడ్డు. సేనాపతికి ఒక్కడే కొడుకు. మంత్రి నిండు సభలో అంటాడు:

“మహాప్రభూ, సేనాపతి గారి చిరంజీవి కత్తి తిప్పడం నిన్న చూశాను. ఉత్తరపు కోటకు అలాంటి వీరుడు ఉంటే ఏలినవారికి నిశ్చింత.”

సేనాపతి కాదంటే కొడుకు పిరికివాడు, లేదా తండ్రికి ప్రభుభక్తి తక్కువ. ఔనంటే కొడుకు సరిహద్దులో మంత్రి మనిషి చేతికింద ఉంటాడు. సేనాపతి నవ్వి ఇలా అనవచ్చు:

“మంత్రిగారి చల్లని చూపు. వారి అల్లుడు గారు కూడా తోడుంటే మావాడు నాలుగు విషయాలు నేర్చుకుంటాడు.”

కోటకు ఒకడు కాదు, ఇద్దరు బందీలు వెళ్లారు. ఎవరూ తాళాల మాట ఎత్తలేదు. ఇలాంటి సన్నివేశం రాసేటప్పుడు పక్క కాగితం మీద ప్రతి మాటకూ రెండు విషయాలు రాసిపెట్టుకోండి: ఔనంటే వినేవాడికి ఏం పోతుంది, కాదంటే ఏం పోతుంది. రెండోది ఖాళీగా మిగిలితే అది వట్టి పొగడ్త, కొట్టేయవచ్చు.

ఒక్క జాగ్రత్త. అందరూ యంత్రాల్లా ఎత్తులు వేస్తుంటే చదివేవాళ్లు విసిగిపోతారు. మలయకేతు పక్కనే ఉండి అతని మనసు విరిచే భాగురాయణుడు చాణక్యుడి మనిషే. అయినా తన మీద అంత ప్రేమ చూపేవాణ్ణి మోసగించడం ఎంత కష్టమో అని ఒకచోట బాధపడతాడు. పని మాత్రం ఆపడు.