డిగ్రీలు ఉండగా రేడియన్ ఎందుకు? ఒక పళ్లెం, ఒక దారంతో అర్థం చేసుకుందాం

ఇంటర్‌లో ట్రిగనామెట్రీ మొదలవగానే పిల్లలకు ఒక చిక్కు వస్తుంది. పదో తరగతిలో కోణం అంటే 30, 45, 60, 90 డిగ్రీలే. ఇంటర్‌కి రాగానే అవే కోణాలు π/6, π/4, π/3, π/2 అయిపోతాయి. చాలామంది మార్చే సూత్రాన్ని బట్టీ పట్టి ముందుకు వెళ్లిపోతారు. పరీక్ష హాల్లో కూర్చున్నాక 180 పైన రాయాలా, కింద రాయాలా అనేది గుర్తుకు రాదు. రేడియన్ అంటే ఏమిటో ఒక్కసారి కళ్లతో చూస్తే ఆ సూత్రాన్ని బట్టీ పట్టక్కర్లేదు.

ఇంట్లో ఉన్న గుండ్రటి పళ్లెం ఒకటి తీసుకోండి. దాని అడ్డం కొలత 28 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే మధ్య బిందువు నుంచి అంచుకు, అదే వ్యాసార్థం, 14 సెంటీమీటర్లు. సరిగ్గా 14 సెంటీమీటర్ల దారం ముక్క కత్తిరించి పళ్లెం అంచు వెంబడి వంచి పెట్టండి. దారం రెండు కొసల నుంచి మధ్య బిందువుకు రెండు గీతలు గీస్తే, ఆ గీతల మధ్య ఏర్పడే కోణమే ఒక రేడియన్. వ్యాసార్థమంత పొడవున్న చాపం కేంద్రం దగ్గర చేసే కోణం అన్నమాట. చిన్న గిన్నెతో చేసినా, పెద్ద డేగిసా మూతతో చేసినా కోణం అంతే వస్తుంది. ఎందుకంటే కొలబద్ద బయటి నుంచి రాలేదు, ఆ వృత్తం తన వ్యాసార్థంతోనే తనను కొలుచుకుంటోంది.

ఇప్పుడు అదే దారాన్ని అంచు వెంబడి ఒకదాని తర్వాత ఒకటిగా పెట్టుకుంటూ పోండి. ఆరుసార్లు పెట్టాక 84 సెంటీమీటర్లు అవుతాయి. పళ్లెం చుట్టుకొలత దాదాపు 88 కాబట్టి ఇంకో 4 సెంటీమీటర్లు మిగులుతుంది. అంటే పూర్తి చుట్టులో ఆరు రేడియన్లు, పైన కొంచెం. ఆ 'ఆరు పైన కొంచెం' అనేదే 2π, దాదాపు 6.2832. సమర్‌కంద్‌లో ఉలుగ్ బేగ్ దగ్గర పనిచేసిన గణిత శాస్త్రవేత్త జంషీద్ అల్ కాషీ 1424లో లెక్కగట్టింది సరిగ్గా ఈ సంఖ్యనే. చుట్టుకొలత వ్యాసార్థానికి ఎన్ని రెట్లు ఉంటుందో ఆయన పదహారు దశాంశ స్థానాల దాకా సరిగ్గా తేల్చారు. 'రేడియన్' అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1873లో బెల్‌ఫాస్ట్ కాలేజీ ప్రశ్నపత్రాల్లో జేమ్స్ థామ్సన్ వాడాక ప్రచారంలోకి వచ్చింది.

ఇక మార్చడం తేలిక. పూర్తి చుట్టు 360 డిగ్రీలు, అదే చుట్టు 2π రేడియన్లు. కాబట్టి సగం చుట్టు 180 డిగ్రీలు అంటే π రేడియన్లు. గుర్తుంచుకోవాల్సింది ఈ ఒక్క వాక్యమే. 150 డిగ్రీలను మార్చాలంటే, 180లో 150 ఎంత భాగమో చూడండి: 150/180, అంటే 5/6. కాబట్టి జవాబు 5π/6. వెనక్కి రావాలంటే π ఉన్న చోట 180 పెట్టండి: 3π/4 అంటే 3 × 180 / 4, అంటే 135 డిగ్రీలు. π కనిపించకుండా ఊరికే '2 రేడియన్లు' అని ఇస్తే కంగారు పడొద్దు. 2 × 180 / 3.1416 చేస్తే దాదాపు 114.6 డిగ్రీలు వస్తుంది.

సరిచూసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఒక రేడియన్ దాదాపు 57.3 డిగ్రీలు. అంటే డిగ్రీల నుంచి రేడియన్లకు వెళ్తే సంఖ్య బాగా చిన్నది కావాలి, రేడియన్ల నుంచి డిగ్రీలకు వస్తే పెద్దది కావాలి. అలా కాకపోతే 180ని తప్పు చోట రాశారని అర్థం. ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. π విలువే 180 అనుకోవడం. π ఎప్పుడూ దాదాపు 3.1416 మాత్రమే. π రేడియన్ల కోణం మాత్రమే 180 డిగ్రీలకు సమానం.

మరి ఇంత దూరం ఎందుకు? డిగ్రీలతోనే సరిపెట్టుకోవచ్చు కదా? ఒక నిజమైన లెక్క చూద్దాం. హైదరాబాద్ అక్షాంశం దాదాపు 17.4 డిగ్రీలు, నాగ్‌పూర్‌ది 21.15. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. తేడా 3.75 డిగ్రీలు. దాన్ని రేడియన్లలోకి మారిస్తే 0.06545. భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లు. రెండూ గుణిస్తే దాదాపు 417 కిలోమీటర్లు. గాల్లో నేరుగా వెళ్తే ఇంచుమించు అంత దూరమే, రోడ్డు వంపుల వల్ల ఇంకా ఎక్కువ తిరగాలి. ఇక్కడ వాడిన సూత్రం ఒక్కటే:

```
చాపం పొడవు = వ్యాసార్థం × కోణం
```

కోణం రేడియన్లలో ఉంటేనే ఇది ఇంత సూటిగా ఉంటుంది. మార్చడం మరిచిపోయి 3.75నే 6371తో గుణిస్తే 23,891 కిలోమీటర్లు వస్తుంది. భూమి మొత్తం చుట్టుకొలతే దాదాపు 40,000. పక్క రాష్ట్రంలోని ఊరికి భూగోళంలో సగం కంటే ఎక్కువ తిరగాలని జవాబు వచ్చిందంటే యూనిట్ మార్చలేదన్నమాటే.

సైన్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. వ్యాసార్థం 1 ఉన్న వృత్తంలో రేడియన్లలో కోణం అంటే చాపం పొడవే. సైన్ అంటే ఆ చాపం కొస ఎంత ఎత్తులో ఉందో చెప్పే నిలువు గీత. కోణం చిన్నదైతే చాపం, గీత దాదాపు ఒకటే పొడవు ఉంటాయి. 5 డిగ్రీలు అంటే 0.0873 రేడియన్లు, దాని సైన్ 0.0872. కోణం పెరిగే కొద్దీ ఈ పోలిక పోతుంది. 10 డిగ్రీల దగ్గర తేడా అర శాతం, 30 డిగ్రీల దగ్గర దాదాపు 5 శాతం. ఈ పోలిక ఉండటం వల్లే కాలిక్యులస్‌లో sin xకి అవకలనం సాఫీగా cos x అవుతుంది. డిగ్రీల్లో చేస్తే ప్రతిసారీ π/180 అనే తోక వెంట తగిలించుకోవాల్సిందే.

పాలిటెక్నిక్, బీటెక్ పిల్లలకు ఈ విషయం కాలిక్యులేటర్ దగ్గర ఎదురవుతుంది. పరీక్షకు ముందు sin 30 నొక్కి చూడాలి. 0.5 వస్తే యంత్రం డిగ్రీల్లో ఉంది. −0.988 వస్తే రేడియన్లలో ఉంది, 30ని అది 30 రేడియన్లు అనుకుంది. ఎక్సెల్ ఎప్పుడూ రేడియన్లే అడుగుతుంది, కాబట్టి అక్కడ ఇలా రాయాలి:

```
=SIN(RADIANS(30))
```

అంతమాత్రాన డిగ్రీలు పనికిరానివని కాదు. 360ని 2, 3, 4, 5, 6, 8, 9, 10, 12 అన్నీ శేషం లేకుండా భాగిస్తాయి. వడ్రంగి మూలమట్టానికి, మ్యాపులో దిక్కు చెప్పడానికి '90 డిగ్రీలు' అనడమే సులువు. కోణాన్ని చూపించి వదిలేసే చోట డిగ్రీలు చాలు. ఆ కోణాన్ని పొడవుతో గుణించాల్సి వచ్చినా, అవకలనం చేయాల్సి వచ్చినా ముందు రేడియన్లలోకి మార్చుకుని లెక్క మొదలుపెట్టాలి.