పడిన షేరు కొంటే లాభమా? పాత లెక్క చెప్పేది, దాచేది

స్టాక్ మార్కెట్లో కాస్త తిరిగినవాళ్లందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది: పెద్ద కంపెనీ షేరు గట్టిగా పడితే కొనాలి, కోలుకోగానే అమ్మాలి. దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చెప్పడం కష్టం కాదు. నిఫ్టీ 50లోని ఏ షేరైనా ఒక్క రోజులో 5 శాతం, లేదా అంతకు మించి పడితే కొను, ఐదు ట్రేడింగ్ రోజులు ఆగి అమ్ము. ఈ నియమాన్ని పదిహేను ఇరవై ఏళ్ల పాత ధరల మీద నడిపి చూడటమే బ్యాక్‌టెస్ట్. ఇలాంటి నియమాలకు తెర మీద గీత చాలాసార్లు చక్కగా పైకే పోతుంది. ఆ గీతలో ఎంత నిజమో తేల్చడమే అసలు పని.

మొదట ధర దగ్గరే ఆగాలి. షేరు 5 శాతం పడిందో లేదో మార్కెట్ ముగిశాకే ఖాయంగా తెలుస్తుంది. కానీ తొందరలో రాసిన ప్రోగ్రామ్ అదే రోజు ముగింపు ధరకు కొన్నట్టు లెక్క వేసేస్తుంది. అంటే సాయంత్రం తెలిసిన సంగతితో మధ్యాహ్నం బేరం చేసినట్టు. పైగా ఎన్‌ఎస్‌ఈ పాత డేటాలో కనిపించే ముగింపు ధర చివరి అరగంటలో జరిగిన లావాదేవీల సగటు. ఎంత షేరు ఏ ధరకు చేతులు మారిందో చూసి వేసిన సగటు అది. చివరి నిమిషంలో కొన్నవాడికి సరిగ్గా ఆ ధరే దొరకాలని లేదు.

కాబట్టి మర్నాడు మార్కెట్ తెరిచాక వచ్చే ధరకు కొన్నట్టు మార్చాలి. ఈ ఒక్క మార్పుతోనే చాలా నియమాల లాభం కుంగుతుంది. పడిన షేరు కోలుకోవాల్సిందేదో రాత్రికి రాత్రే కోలుకుని, తెల్లారి పై ధరతో మొదలయ్యే సందర్భాలు ఎక్కువ మరి.

అలా మార్చినా, తెర మీద కనిపించిన ధరకూ చేతికి దొరికిన ధరకూ తేడా మిగులుతుంది. దీన్నే స్లిపేజ్ అంటారు. కొనేవాళ్లు ఇస్తామనే ధర ఒకటి, అమ్మేవాళ్లు అడిగే ధర మరొకటి. మామూలు రోజుల్లో నిఫ్టీ షేర్లలో ఈ ఎడం కొన్ని పైసలే. అయితే ఈ నియమం మామూలు రోజుల్లో కొనదు, జనం కంగారుగా అమ్ముకున్న మర్నాడు ఉదయం కొంటుంది. ఆ వేళ ఎడం పెరుగుతుంది, ఒక్కో ధర దగ్గర దొరికే షేర్లు తగ్గుతాయి. అందుకే ఏడాది పొడవునా సగటు చూసి స్లిపేజ్ వేస్తే తక్కువ అంచనా వేసినట్టే. రెండు మూడు రకాలుగా వేసి, లాభం ఏ దగ్గర ఆవిరవుతుందో చూడటం మేలు.

ఇక ఖర్చులు. లక్ష రూపాయల షేర్లు కొని, ఐదు రోజులకు అమ్మారనుకుందాం. డెలివరీ లావాదేవీలో ఎస్‌టీటీ కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం, అంటే రెండు వందలు. కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ 15 రూపాయలు. ఎక్స్‌ఛేంజి రుసుము, జీఎస్టీ, అమ్మేటప్పుడు డీమ్యాట్ ఖాతా చార్జీ కలిపి మరో పాతిక. బ్రోకరేజీ తీసుకోని బ్రోకర్ దగ్గరైనా మొత్తం సుమారు 240.

బ్యాక్‌టెస్ట్‌లో సగటున ఒక్కో లావాదేవీకి 0.7 శాతం, అంటే 700 రూపాయల లాభం కనిపించిందనుకుందాం. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.15 శాతం చొప్పున స్లిపేజ్ తీస్తే 300 పోయింది. ఖర్చులు పోను 160 మిగిలింది. దీన్ని స్వల్పకాలిక మూలధన లాభంగా చూపిస్తే 2024 జులై 23 నుంచి పన్ను 20 శాతం. ఇక్కడో మెలిక ఉంది: ఆ లాభం లెక్కించేటప్పుడు ఎస్‌టీటీని ఖర్చుగా తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి పన్ను 160 మీద కాదు, 360 మీద పడుతుంది. సెస్సు పక్కన పెట్టినా 72 రూపాయలు. చివరికి చేతికొచ్చేది 88. ఏడు వందలు కాస్తా ఎనభై ఎనిమిదయ్యాయి!

ఇంతవరకూ చెప్పుకున్నవి కనీసం లెక్కకు అందే తప్పులు. షేర్ల జాబితాలో దాగిన తప్పు అలా కాదు. చాలామంది ఇవాళ్టి నిఫ్టీ 50 జాబితా దించుకుని, అవే పేర్లను 2008 నుంచి పరీక్షిస్తారు. అందులో సత్యం కంప్యూటర్ ఉండదు.

ఆ హైదరాబాద్ కంపెనీ అప్పట్లో నిఫ్టీ సభ్యురాలు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. అంతకు ముందు రోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ రోజు 40 దగ్గర ముగిసింది. మన నియమానికి అంతకన్నా గట్టి కొనుగోలు సంకేతం ఏముంటుంది? ముగింపు ధరకు కొన్నట్టు వేస్తే, తర్వాతి ట్రేడింగ్ రోజైన జనవరి 9నే మరో 40 శాతం పోయింది. జనవరి 12న సత్యాన్ని నిఫ్టీ నుంచి తీసేసి, దాని చోట రిలయన్స్ క్యాపిటల్‌ను పెట్టారు. విచిత్రమేమిటంటే ఆ వచ్చిన కంపెనీ కూడా తర్వాత దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దాని వాటాదారులకు పైసా దక్కలేదు. ఇవాళ్టి జాబితాతో పరీక్షించేవారికి పోయినదీ కనిపించదు, దాని చోటికి వచ్చినదీ కనిపించదు.

బతికి మిగిలినవాటినే చూసి మొత్తాన్ని అంచనా వేసే ఈ దోషాన్ని సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. పడినప్పుడు కొనే నియమానికి ఇది మరీ ప్రమాదం. ఇవాళ జాబితాలో ఉన్న షేరు గతంలో ఎంత పడినా చివరికి కోలుకున్నదే, లేకపోతే ఇక్కడ ఉండేదే కాదు. రెండో వైపు కూడా ఇదే కథ. ట్రెంట్ నిఫ్టీలోకి వచ్చింది 2024 సెప్టెంబరులో, ఎన్నో రెట్లు పెరిగాక. దాన్ని 2015 నుంచే నిఫ్టీ షేరుగా లెక్కిస్తే ఆ పెరుగుదలంతా ఉచితంగా ఖాతాలో పడిపోతుంది. అదే మార్పులో బయటికి వెళ్లిన వాటిలో మన హైదరాబాద్ దివీస్ ఒకటి. ఆ కంపెనీ నిక్షేపంగా ఉంది. అంటే జాబితా దాటినదల్లా మునిగినట్టూ కాదు, ఏ తేదీన ఏది లోపల ఉందన్నదే ముఖ్యం.

దోషం ఎంతుందో పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. నియమం సంగతి మరచి, ఇవాళ్టి యాభై షేర్లను సమానంగా కొని పదిహేనేళ్లు ఊరికే ఉంచినట్టు లెక్క వేయాలి. డివిడెండ్లు కలిపిన నిఫ్టీ సూచీ కన్నా అది చాలా ముందుంటే, ఆ అదనంలో పెద్ద వాటా జాబితా పుణ్యమే.

సరిదిద్దడం ఓపిక పని. నిఫ్టీలో మార్పు జరిగినప్పుడల్లా ఎన్‌ఎస్‌ఈ ప్రకటన ఇస్తుంది. వాటి నుంచి ప్రతి కంపెనీ వచ్చిన తేదీ, పోయిన తేదీ పట్టికగా రాసుకోవాలి. ధరలకు ఎన్‌ఎస్‌ఈ రోజువారీ భావ్‌కాపీ నమ్మదగినది, ఆ రోజు ట్రేడైన షేర్లన్నీ అందులో ఉంటాయి కాబట్టి తర్వాత మాయమైనవీ దొరుకుతాయి. అయితే భావ్‌కాపీ ధరల్లో బోనస్‌ల సర్దుబాటు ఉండదు. 2024 అక్టోబరు 28న రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ అమల్లోకి వచ్చి ధర సగమైంది. ఎవరూ ఏమీ నష్టపోలేదు. ప్రోగ్రామ్ మాత్రం షేరు 50 శాతం పడిందని ఎగిరి కొంటుంది.

కొన్నాక డేటా ఆగిపోయిన షేర్లు చివరి చిక్కు. అమ్మకపు ధర దొరక్కపోతే కొన్ని ప్రోగ్రామ్‌లు ఆ లావాదేవీనే నిశ్శబ్దంగా కొట్టేస్తాయి. రిలయన్స్ క్యాపిటల్ లాంటి చోట అమ్మకపు ధరగా సున్నా వేయాలి. సత్యానికి అలా వేయడమూ తప్పే. 2013లో అది టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు, కాబట్టి అక్కడి నుంచి లెక్క ఆ కొత్త పేరు మీద సాగాలి.