రండి, మా బడి చూడండి

మార్చి వచ్చిందంటే కరెంటు స్తంభాలకు ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ ఫ్లెక్సీలు వేలాడతాయి. మా మండల కేంద్రంలో కొత్తగా ప్రాథమిక పాఠశాల పెడుతున్న మిత్రులు కూడా ఒక కరపత్రం రాసుకుని, భాష దిద్దమని నా చేతిలో పెట్టారు. పైన టై కట్టుకున్న పిల్లాడి బొమ్మ, కింద ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్, డిజిటల్ క్లాసులు. ఆరేళ్ల బిడ్డను మొదటిసారి బడికి పంపే తల్లికి కావలసింది అందులో ఒక్కటీ లేదు. దిద్దితే సరిపోదు, మళ్లీ రాయాలన్నాను.

ముందుగా ఆ వీధిలోని నలుగురు తల్లుల్ని ఏం తెలుసుకోవాలని ఉందో అడిగాం. టీచరమ్మ ఏడాది మధ్యలో మానేయదు కదా అన్నారు ఒకరు. మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా అన్నారు మరొకరు. ఫీజు చెప్పినంతేనా, పుస్తకాలకూ యూనిఫారానికీ మళ్లీ వేరేనా అని అందరూ అడిగారు. ఆ ప్రశ్నలకు జవాబులే మా కరపత్రం అయ్యాయి:

‘1 నుంచి 3 తరగతులు. తరగతికి 28 మందికి మించి చేర్చుకోం. నలుగురు టీచర్లు. మొదటి మూడేళ్లూ చదువు తెలుగులో, ఇంగ్లిషు మాటలతో మొదలుపెట్టి నేర్పుతాం. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు. ఏడాది ఫీజు 18,000 రూపాయలు, పుస్తకాలు 2,400, రెండు జతల యూనిఫారం 1,600. మొత్తం 22,000. యూనిఫారం బట్ట మీరు ఎక్కడైనా కొనుక్కోవచ్చు.’

నలుగురు టీచర్లన్న మాట వెనక ఒక లెక్క ఉంది. మూడు తరగతులూ నిండితే 84 మంది పిల్లలు. విద్యాహక్కు చట్టం ప్రకారం 61 నుంచి 90 మంది వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి. ముగ్గురే ఉంటే ఒకరికి జ్వరం వచ్చిన రోజున ఒక తరగతి ఖాళీ. నాలుగో మనిషి అందుకోసమే. ‘అనుభవజ్ఞులైన ఉపాధ్యాయ బృందం’ అని రాస్తే ఈ సంగతి ఎవరికీ తెలియదు.

మొదటి చిత్తులో ఒక వాక్యం మాత్రం ప్రమాదకరమైనది: ‘ప్రవేశ పరీక్షలో ప్రతిభ చూపిన వారికే సీట్లు.’ 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. ప్రైవేటు బడి అయితే ఒకటో తరగతిలో కనీసం నాలుగో వంతు సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మా లెక్కలో 28కి 7. అదీ కరపత్రంలో చేర్చాం. పుట్టిన తేదీ పత్రం లేదని బిడ్డను వెనక్కి పంపమని కూడా రాశాం, ఎందుకంటే అలా పంపడమూ చట్టవిరుద్ధమే.

ఆహ్వానం వేరే కాగితం మీద, అయిదారు వాక్యాల్లో ముగించాం:

‘ఈ ఆదివారం ఉదయం 9:30 నుంచి 12:30 వరకు మా బడి తలుపులన్నీ తెరిచి ఉంటాయి. పిల్లల్ని వెంటబెట్టుకు రండి. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పది గంటలకు ఒకటో తరగతి టీచరు పిల్లలకు కథ చెబుతారు, మీరు వెనక కూర్చుని చూడవచ్చు. తరగతి గదులు, నీళ్ల కుళాయిలు, మరుగుదొడ్లు తిరిగి చూడండి. ఆ రోజు ఎవరి దగ్గరా డబ్బు కట్టించుకోం.’

చివరి వాక్యం మీద మిత్రులు చాలాసేపు వాదించారు. ఆ రోజే అడ్వాన్సు తీసుకోకపోతే పక్క బడికి పోతారని వాళ్ల భయం. ఇంటికెళ్లి ఆలోచించుకున్నాక వచ్చి చేరిన వాళ్లే ఏడాది పొడుగునా నిలుస్తారని నా నమ్మకం. వాక్యం ఉండిపోయింది.

అన్నిటికన్నా పైన వేయించింది మాత్రం గుర్తింపు పత్రం నంబరు. గుర్తింపు లేకుండా ప్రైవేటు బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, కొనసాగిస్తే రోజుకు 10,000. అందుకే పత్రం చేతికొచ్చేదాకా మా కరపత్రం అచ్చుకు పోలేదు. ‘గుర్తింపు కోసం దరఖాస్తు చేశాం’ అంటే గుర్తింపు లేదనే అర్థం. ‘సీబీఎస్‌ఈ సిలబస్’ అన్నంత మాత్రాన ఆ బోర్డు గుర్తింపు ఉన్నట్టూ కాదు.

ఈ వేసవిలో మీరు ఏ కొత్త బడి చూడటానికి వెళ్లినా, ఆఫీసు గదిలో కూర్చోగానే గుర్తింపు పత్రం నకలు చూపించమనండి. అది చూశాకే ఫీజు మాట ఎత్తండి.